జీతాల షీటు వేరే వాళ్ళకి మెయిల్‌లో వెళ్ళిపోతే ఏం చేయాలి, అది అందుకున్న మనిషికి ఏం చెప్పాలి

పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో నేను లెక్కలు చూస్తాను. పీఎఫ్ డబ్బు ప్రతి నెలా 15వ తారీఖులోపు కట్టాలి కాబట్టి 11, 12 తారీఖులకే జీతాల షీటు శ్రీకాకుళంలో ఉండే మా పీఎఫ్ కన్సల్టెంట్‌కి పంపేస్తుంటాను. ఒక నెల 12వ తారీఖున, భోజనానికి లేచే ముందు పంపేద్దామని కూర్చుని, అడ్రస్ దగ్గర srini అని కొట్టగానే కింద రెండు పేర్లు వచ్చాయి. ఒకటి కన్సల్టెంట్‌ది, ఇంకొకటి మా దగ్గర పప్పు కొనే విజయనగరం వ్యాపారిది. పైనున్నది నొక్కేశాను. అంతకుముందు రోజు ఆ వ్యాపారికి బిల్లు పంపాను కాబట్టి ఆయన పేరే పైకి వచ్చి కూర్చుంది.

ఆ షీటులో పప్పు పొట్టు తీసే 46 మంది ఆడవాళ్ళ పేర్లు, బ్యాంకు అకౌంట్ నంబర్లు, ఆధార్ నంబర్లు, ఎవరికి ఎంత కూలి పడిందో అంతా ఉంది. వాళ్ళ కాగితాలు వాళ్ళు నన్ను నమ్మి ఇచ్చినవి. అందుకే ఆ రోజు నేను చేసినవి, చేయబోయి ఆగినవి, తర్వాత నేర్చుకున్నవి వరసగా రాస్తున్నాను. మీరు జీమెయిల్ వాడుతున్నారనే అనుకుని రాస్తున్నాను, మన వైపు చిన్న ఆఫీసుల్లో ఎక్కువగా వాడేది అదే.

ముందు వెనక్కి వస్తుందేమో చూడండి

మెయిల్ పంపిన వెంటనే స్క్రీన్ కింద ఎడమ పక్కన Message sent అని, దాని పక్కనే Undo అని వస్తుంది. అది నొక్కితే మెయిల్ అసలు బయటికి వెళ్ళదు, మళ్ళీ డ్రాఫ్ట్‌గా మీ ముందుకు వస్తుంది. కానీ మీరు ఏమీ మార్చకపోతే ఆ అవకాశం 5 సెకన్లే ఉంటుంది, 5 సెకన్లలో మనిషికి తప్పు అర్థం కావడమే కష్టం. దాన్ని 30 సెకన్ల దాకా పెంచుకోవచ్చు. కంప్యూటర్లో జీమెయిల్ తెరిచి Settings లోకి వెళ్ళి, See all settings నొక్కి, General లో Undo Send దగ్గర Send cancellation period ని 30 చేసి, పేజీ అడుగున Save Changes నొక్కాలి. ఆ చివరిది నొక్కకపోతే మార్పు నిలవదు, చాలామంది అక్కడే ఆగిపోతారు.

ఆ సెకన్లు దాటాక జీమెయిల్‌లో పంపిన మెయిల్‌ని వెనక్కి లాక్కునే దారి లేదు. అవుట్‌లుక్‌లో రీకాల్ అని ఒకటి ఉంటుంది గానీ అది పంపినవారూ అందుకున్నవారూ ఒకే సంస్థ మెయిల్‌లో ఉన్నప్పుడు పనికొచ్చేది, బయటివాళ్ళ జీమెయిల్‌కి వెళ్ళినదాన్ని అది తేలేదు. మీ Sent లోంచి తీసేస్తే ఆయన దగ్గర పోతుందనుకోవద్దు, మీ కాపీ ఒక్కటే పోతుంది. నిజానికి దాన్ని తీయకండి. ఏ టైముకి, ఏ అడ్రస్‌కి, ఏ ఫైల్ వెళ్ళిందో రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర ఉండేది అదే.

ఏం వెళ్ళిందో, ఎవరికి వెళ్ళిందో రెండు నిమిషాలు చూడండి

Sent లో ఆ మెయిల్ తెరిచి పేరు కాదు, పూర్తి అడ్రస్ చదవండి. Cc లో ఇంకెవరైనా ఉన్నారా చూడండి. తర్వాత ఫైల్ నేరుగా అటాచ్ అయిందా, గూగుల్ డ్రైవ్ లింక్‌గా వెళ్ళిందా చూడండి. ఇది ముఖ్యం, ఎందుకంటే లింక్‌గా వెళ్ళి ఉంటే మీ చేతిలో ఇంకా తాళం ఉన్నట్టే. డ్రైవ్‌లో ఆ ఫైల్ తెరిచి Share నొక్కి, ఆయన పేరు ఉంటే తీసేసి, General access ని Restricted చేయండి, ఇక ఆ లింక్ ఆయనకి తెరుచుకోదు. ఆలోపే డౌన్‌లోడ్ చేసుకుని ఉంటే మాత్రం ఆ కాపీని మనం ఏమీ చేయలేం. 25 ఎంబీ దాటిన ఫైల్‌ని జీమెయిల్ తనంతట తానే డ్రైవ్ లింక్‌గా మార్చి పంపుతుంది కాబట్టి పెద్ద ఫైల్ అయితే తప్పక చూడండి. నాది చిన్న ఎక్సెల్ షీటు, నేరుగా అటాచ్ అయి వెళ్ళింది.

అడ్రస్ టైప్ చేయడంలో తప్పు జరిగి, అలాంటి అడ్రస్ అసలు ఎవరికీ లేకపోతే mailer-daemon పేరుతో Address not found అని తిరుగు మెయిల్ వస్తుంది. అది వస్తే ఎవరికీ అందలేదని అర్థం, ఊపిరి పీల్చుకోవచ్చు. కాసేపు చూసినా ఏమీ రాలేదంటే, అది ఎవరో ఒకరి దగ్గరికి చేరిందనే అనుకుని పని మొదలుపెట్టాలి. ఇంకో సంగతి, @gmail.com అడ్రస్‌లలో చుక్కలకి లెక్క లేదు, పేరు మధ్యలో చుక్క పెట్టినా పెట్టకపోయినా ఒకే మనిషికి వెళ్తుంది. అంకె మారితే, అక్షరం మారితే మాత్రం అది వేరే మనిషి.

తెలిసిన మనిషైతే ముందు ఫోన్ చేయండి

మెయిల్‌ని సరిదిద్దడానికి ఇంకో మెయిల్ రాయడమే మనకి మొదట తోస్తుంది. కానీ ఆయన ఫోన్లో మొదటి మెయిల్ కింద ఫైల్ పేరు అప్పటికే కనిపిస్తూ ఉంటుంది, మీరు వాక్యాలు కూర్చుకునేలోపు వేలు దాని మీద పడిపోవచ్చు. ఫోన్ నంబర్ ఉంటే ముందు ఫోనే.

నేను ఆయనతో అన్నది దాదాపు ఇదే: "నమస్తే అండీ, పలాస నుంచి. ఇప్పుడే మీకు నా దగ్గర్నుంచి ఒక మెయిల్ వచ్చింది, అది మీకు పంపాల్సింది కాదు, పొరపాటున మీ పేరు నొక్కేశాను. అందులో మా ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ సొంత వివరాలున్నాయి. దయచేసి ఫైల్ తెరవకుండా డిలీట్ చేసేయండి, ట్రాష్‌లోంచి కూడా తీసేయండి. నేను ఇదే రాసి ఇప్పుడే మీకు మెయిల్ పెడతాను, అయిపోయాక దానికి ఒక్క ముక్క జవాబివ్వండి చాలు."

అంతే. క్షమాపణ ఒకసారి. ఎందుకు జరిగిందో ఒక్క మాటలో. ఏం చేయాలో రెండు మాటల్లో. టెన్షన్‌లో మనం అయిదు నిమిషాలు మాట్లాడేస్తాం, కరెంటు పోయింది, తొందరలో ఉన్నాను, మా ఓనర్‌కి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది అని. అవన్నీ విన్నాక అవతలి మనిషికి ఆ ఫైల్ మీద లేని ఆసక్తి పుడుతుంది, పైగా మన ఉద్యోగం బరువు ఆయన మీద వేసినట్టవుతుంది. అలాగే లోపల ఏమేం ఉన్నాయో లెక్కబెట్టి చెప్పకండి. సొంత వివరాలు అంటే చాలు, అకౌంట్ నంబర్లు, ఆధార్ నంబర్లు అని విడమరచాల్సిన పని లేదు.

తర్వాత రాతలో పెట్టండి, పాత మెయిల్ కిందే రాయకండి

నేను ఆ రోజు చేయబోయి ఆగిన తప్పు ఇది. పంపిన మెయిల్ తెరిచి దాని కిందే "దయచేసి దీన్ని పట్టించుకోవద్దు" అని రాయబోయాను. అలా రాస్తే జీమెయిల్ రెండింటినీ ఒకే వరసలో కలిపి చూపిస్తుంది, అంటే మన మాట చదవడానికి ఆయన తెరిచే చోటే ఆ ఫైల్ కూడా ఉంటుంది. కొత్త మెయిల్, వేరే సబ్జెక్ట్‌తో పెట్టండి. ఫార్వర్డ్ అసలు చేయకండి, ఫార్వర్డ్‌తో అటాచ్‌మెంట్ మళ్ళీ వెళ్తుంది.

నేను పంపినది దాదాపు ఇలా ఉంది, మీకు తగ్గట్టు మార్చుకోండి:

సబ్జెక్ట్: ఈ రోజు 11:52కి వచ్చిన నా మెయిల్ మీకు కాదు, దయచేసి తెరవకండి

"నమస్తే అండీ. ఈ రోజు ఉదయం 11:52కి 'వేజెస్ షీట్' అనే సబ్జెక్ట్‌తో నా దగ్గర్నుంచి మీకు ఒక మెయిల్ వచ్చింది. అది వేరేవారికి వెళ్ళాల్సినది, నా పొరపాటు వల్ల మీకు వచ్చింది. అందులో మా కార్మికుల వ్యక్తిగత వివరాలు ఉన్నాయి.

దయచేసి ఆ మెయిల్‌ని, ఫైల్ ఎక్కడైనా డౌన్‌లోడ్ అయి ఉంటే దాన్ని కూడా డిలీట్ చేసి, ట్రాష్‌లోంచి కూడా తీసేయండి. ఎవరికీ ఫార్వర్డ్ చేయవద్దు. ఈ మెయిల్ బాక్స్ మీ ఆఫీసులో ఇంకెవరైనా చూస్తుంటే వారికి కూడా ఈ మాట చెప్పండి. పూర్తయ్యాక 'తీసేశాను' అని ఒక్క మాట జవాబిస్తే చాలు.

మీకు ఇబ్బంది కలిగించినందుకు క్షమించండి. మన బిల్లుల విషయానికి దీనితో సంబంధం లేదు, అవి మామూలుగానే ఉంటాయి."

ఇందులో ప్రతి వాక్యం ఒక పని కోసం ఉంది. టైము, సబ్జెక్ట్ రాయడం ఎందుకంటే ఆయన తప్పు మెయిల్ తీసేసి, నిన్నటి బిల్లు మెయిల్ పోగొట్టుకోకూడదు. ట్రాష్ అని విడిగా చెప్పడం ఎందుకంటే జీమెయిల్‌లో డిలీట్ చేసింది 30 రోజులు అక్కడే ఉంటుంది. ఇంకెవరైనా చూస్తారా అన్న మాట నాకు తర్వాత తట్టి కలిపినది. వ్యాపారుల మెయిల్ చాలా చోట్ల వాళ్ళ గుమాస్తా కూడా చూస్తాడు, ఆయన ఫోన్లో తెరవకపోయినా గుమాస్తా కంప్యూటర్లో ప్రింట్ తీసేసే ప్రమాదం ఉంటుంది. చివరి వాక్యం, ఆయన మనకి కొనుగోలుదారు కాబట్టి. ఈ గొడవతో తన లెక్కల్లో ఏదో మారిందేమోనన్న అనుమానం రాకూడదు.

రాయకూడనిది కూడా చెబుతాను. "ఈ సమాచారం వాడితే చట్టపరమైన చర్యలు తీసుకుంటాం" అనే రకం వాక్యాలు పెట్టకండి. తప్పు మనది, ఆయన ఏ తప్పూ చేయలేదు, ఏ తప్పూ చేయని మనిషిని బెదిరిస్తే సాయం చేసే మనసు అక్కడే విరిగిపోతుంది. డిలీట్ చేసినట్టు స్క్రీన్‌షాట్ పంపమని కూడా నేను అడగను. అది ఆయన మాటని నమ్మనని చెప్పినట్టు ఉంటుంది, పైగా ఆ స్క్రీన్‌షాట్‌తో ఇంకెక్కడా కాపీ లేదని రుజువు కాదు.

ఆయన అప్పటికే తెరిచేసి ఉంటే

మా వ్యాపారి "తెరిచానండీ, బిల్లేమో అనుకున్నాను, పేర్లు చూసి మూసేశాను" అన్నాడు. అలా ఉన్నది ఉన్నట్టు చెప్పిన మనిషికి ముందు థాంక్స్ చెప్పండి. ఆ తర్వాత ఒక్కటే అడగండి, ఫోన్లో తెరిచారా, కంప్యూటర్లోనా అని. ఆ జవాబుని బట్టి ఫైల్ ఎక్కడ మిగిలి ఉంటుందో మీరు చెప్పగలరు. కంప్యూటర్లో అయితే Downloads ఫోల్డర్‌లో, ఆ తర్వాత రీసైకిల్ బిన్‌లో. ఫోన్లో డౌన్‌లోడ్ చేసి ఉంటే ఫైల్స్ యాప్‌లో Downloads లో. మేం ఫోన్లో మాట్లాడుకుంటూ ఉండగానే ఆయన రెండు చోట్లా చూసి తీసేశాడు.

జవాబు రాకపోతే మర్నాడు ఒక్కసారి గుర్తుచేయండి, ఫోన్లో అయితే మేలు. అంతకు మించి వెంటపడకండి. జవాబు రాలేదంటే ఆయన దగ్గర ఫైల్ ఉందనే లెక్కలోకి తీసుకుని కింద చెప్పే పనులు చేయండి. నిజానికి జవాబు వచ్చినా అవి చేయాల్సిందే.

అసలు ఎవరో తెలియని మనిషికి వెళ్ళి ఉంటే

ఒక అంకె తేడాతో ఎక్కడో ఉన్న అపరిచితుడికి చేరితే మాటలు ఇంకా తగ్గించాలి. మీ సొంత ఫోన్ నంబర్ ఇవ్వకండి, ఫ్యాక్టరీ పేరు మళ్ళీ రాయకండి, లోపల ఏముందో అసలు చెప్పకండి. ఇంత చాలు: "నమస్తే. ఈ రోజు 11:52కి నా దగ్గర్నుంచి వచ్చిన మెయిల్ అడ్రస్ తప్పు వల్ల మీకు చేరింది. దయచేసి దాన్ని తెరవకుండా, ట్రాష్‌లోంచి కూడా తీసేయగలరు. శ్రమ ఇచ్చినందుకు మన్నించండి." తెలుగు రాని మనిషి కావచ్చు కాబట్టి కింద ఇదే ఇంగ్లీషులో రెండు వాక్యాలు కలపండి. ఒక్కసారే పంపండి. ఆ మనిషి డబ్బో ఇంకేదో అడిగితే జవాబివ్వకుండా, ఆ మెయిల్ అలాగే ఉంచుకుని, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి.

ఎవరి వివరాలు పోయాయో వాళ్ళకి చెప్పండి

ఎక్కువమంది వదిలేసేది ఇదే. వ్యాపారి తీసేశానన్నాడు, అయిపోయింది కదా, ఆడవాళ్ళని భయపెట్టడం ఎందుకు అని మా వాళ్ళూ అన్నారు. నేను ముందు ఓనర్‌కి చెప్పి, సాయంత్రం పని దిగాక అందరినీ షెడ్డులో కూర్చోబెట్టి చెప్పాను. ఒకావిడ వెంటనే అడిగింది, "ఏటి బావూ, మా డబ్బులు పోతాయేటి?" అని. ఆ ప్రశ్నకి సరైన జవాబు తెలిసి ఉండాలి, ఊరికే ఏం కాదులే అనకూడదు.

పేరు, అకౌంట్ నంబర్ తెలిసినంత మాత్రాన ఎవరూ డబ్బు తీయలేరు. ఆధార్ నంబర్ తెలిసినా, వేలిముద్ర లాంటి గుర్తు పడనిదే ఊళ్ళో బ్యాంకు మిత్ర దగ్గరుండే మిషన్‌లో డబ్బు రాదు. అసలు ప్రమాదం ఫోన్‌లో వస్తుంది. పేరు, బ్యాంకు, అకౌంట్ నంబర్ అన్నీ సరిగ్గా చెప్పి "బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం, ఓటీపీ చెప్పండి" అంటే, అన్నీ సరిగ్గా చెప్పాడు కాబట్టి నిజమే అనుకుంటారు. అందుకే నేను చెప్పింది ఒకటే: మీ నంబర్లన్నీ చదివి వినిపించినా సరే, ఫోన్లో ఎవరికీ ఓటీపీ చెప్పొద్దు, పెట్టేసి నా దగ్గరికి రండి. డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా గోడ మీద రాసి పెట్టాం.

ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్ చేసేయమని చాలామంది సలహా ఇస్తారు. సలహా మంచిదే గానీ మన ఊళ్ళ సంగతి చూసుకుని ఇవ్వండి. లాక్ చేశాక వేలిముద్ర ఎక్కడా పడదు, రేషన్ దగ్గర వేలు పెట్టేవాళ్ళకీ, ఊళ్ళో బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టి డబ్బు తీసుకునేవాళ్ళకీ పని ఆగిపోతుంది, ప్రతిసారీ ముందు అన్‌లాక్ చేసుకోవాలి. ఆధార్‌కి లింకైన ఫోన్ తన చేతిలో ఉండి, ఆధార్ యాప్ వాడగలిగిన వాళ్ళకే మేం చేసి ఇచ్చాం. మిగతావాళ్ళని అలాగే వదిలేశాం.

సరైన మనిషికి పంపడం

ఈ హడావుడిలో అసలు పని మరిచిపోతాం, 15వ తారీఖు మాత్రం ఆగదు. కన్సల్టెంట్‌కి కొత్త మెయిల్‌గా పంపండి, తప్పు వెళ్ళినదాన్ని ఫార్వర్డ్ చేస్తే వ్యాపారి అడ్రస్ అందులో కనిపిస్తుంది. ముందు ఫైల్ పెట్టి, మాట రాసి, అన్నిటికన్నా ఆఖరున అడ్రస్ పెట్టడం అలవాటు చేసుకోండి. అడ్రస్ లేని మెయిల్ ఎటూ పోదు. contacts.google.com లో ఆ ఇద్దరినీ వెతికి, ఒకరికి ముందు "పీఎఫ్" అని, ఇంకొకరికి ముందు "పప్పు" అని పేరు మార్చాను. ఇప్పుడు srini అని కొట్టినా పక్కన తేడా కనిపిస్తుంది. ఎక్సెల్‌లో File, Info, Protect Workbook, Encrypt with Password అని ఉంటుంది, షీటుకి అక్కడ పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని మెయిల్‌లో కాకుండా ఫోన్లో చెబుతున్నాను.

షీటు మళ్ళీ తయారు చేస్తూ కన్సల్టెంట్‌ని అడిగాను, మీకు ఇందులో నిజంగా ఏమేం కావాలి అని. పీఎఫ్ రిటర్న్‌లో వేసేది యూఏఎన్ అనే ఒక్కొక్కరి పీఎఫ్ నంబర్, పేరు, జీతం, దాని మీద కట్టే భాగాలు, పనికి రాని రోజులు, ఇలాంటివే. కొత్తగా చేరినవాళ్ళకి యూఏఎన్ తీసేటప్పుడు ఆధార్ కావాలి గానీ నెలనెలా అక్కర్లేదు, బ్యాంకు అకౌంట్ నంబర్లయితే ఆయన ఎప్పుడూ చూడనే లేదు. అన్నేళ్ళుగా ఆ రెండు కాలమ్‌లు ఊరికే వెళ్తున్నాయి. ఇప్పుడు అవి తీసేసిన షీటే ప్రతి నెలా వెళ్తోంది.